నామినీ మార్చినట్టు రసీదు ఇచ్చారు, మరి ఎఫ్‌డీలు, లాకరు, కార్డుల సంగతేమిటి?

ప్రశ్న: మాది విజయనగరం. నాన్నగారు రిటైర్డ్ టీచరు, వయసు 67. అమ్మ పోయిన ఏడాది పోయారు. అన్నిటికీ అమ్మే నామినీ. గత నెల నాన్న బ్యాంకుకెళ్ళి నా పేరు, చెల్లి పేరు చెరి సగం పెట్టించారు. రసీదు కూడా ఇచ్చారు. కానీ దాని మీద ఒక్క ఖాతా నంబరే ఉంది. నాన్నకి రెండు ఎఫ్‌డీలు ఉన్నాయి, అందులో ఒకటి అమ్మతో కలిపి వేసింది. ఒక లాకరు, ఏటీఎం కార్డు, క్రెడిట్ కార్డు కూడా ఉన్నాయి. ఒక రసీదుతో అన్నీ మారిపోయినట్టేనా? ఏవి ఎలా చూసుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పగలరు.

సమాధానం:

మారలేదు. ఆ రసీదు మీద ఏ నంబరు ఉందో ఆ ఒక్క ఖాతాకే అది వర్తిస్తుంది. దానికి కూడా కంప్యూటర్లో ఎక్కిందో లేదో విడిగా చూసుకోవాలి. నేను ఇరవై ఏళ్ళకు పైగా మన రెండు జిల్లాల బ్రాంచీల్లోనే కౌంటర్లోనూ, ఆ తర్వాత ఆఫీసరుగానూ చేసి రిటైరయ్యాను. నామినీ పేరు బ్యాంకులో మనిషికి అంటుకుని ఉండదు, ఖాతాకి అంటుకుని ఉంటుంది. నాన్నగారి కస్టమర్ నంబరు ఒకటే అయినా దాని కింద పొదుపు ఖాతా, ఒక్కో ఎఫ్‌డీ, లాకరు వేటికవే. పొదుపు ఖాతాలో పేరు మార్చినంత మాత్రాన కింద ఉన్న డిపాజిట్లలో దానంతట అది మారదు.

ముందు రసీదునే చేతిలోకి తీసుకోండి. సాధారణంగా అది ఫారం కింద చింపి ఇచ్చే ముక్క. దాని మీద బ్రాంచి ముద్ర, తేదీ, ఒక సంతకం ఉంటాయి. చాలామంది ముద్ర చూసి పని అయిపోయిందనుకుంటారు. ఆ ముద్రకు అర్థం ఫారం అందిందని మాత్రమే. ఫారం అందాక ఒక క్లర్కు వివరాలు ఎక్కిస్తాడు, తర్వాత ఒక ఆఫీసరు తన లాగిన్‌లో చూసి ఆమోదించాలి. ఆ రెండో పని జరిగేదాకా కంప్యూటర్లో పాత పేరే ఉంటుంది. రద్దీ రోజుల్లో, ముఖ్యంగా ఒకటో తారీకు పెన్షన్ల వేళ, ఈ ఆమోదం వెనకపడటం మామూలే. కొన్ని బ్రాంచీలు నమోదు అయ్యాక రిజిస్ట్రేషన్ నంబరు వేసి ఇంకో కాగితం ఇస్తాయి, లేదా మెసేజ్ పంపుతాయి. మీ రసీదు మీద అలాంటి నంబరు లేకపోతే అది ఫారం అందినట్టు ఇచ్చిన ఉత్త రసీదే అనుకోండి.

2025 నవంబరు 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఫారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకు రాతపూర్వకంగా రసీదు ఇవ్వాలి. ఫారంలో లోపం ఉంటే అదే మూడు పనిదినాల్లో, ఏ కారణంగా తిప్పి పంపుతున్నారో రాసి చెప్పాలి. నాన్నగారు గత నెలే ఇచ్చారు కాబట్టి ఈపాటికి ఎక్కి ఉండాలి, లేదా ఎందుకు ఎక్కలేదో కాగితం వచ్చి ఉండాలి. ఏదీ లేకపోతే అడగటానికి మీకు అంతకన్నా కారణం అక్కర్లేదు.

రసీదులో నంబరు ఒక్కొక్క అంకె కలిపి చదవండి. క్లర్కులు తొందరలో ఖాతా నంబరు రాయాల్సిన చోట కస్టమర్ నంబరు రాసేస్తారు. మీ రసీదు మీద ఉన్నది పాస్‌బుక్‌లో ఖాతా నంబరు దగ్గర ఉన్నదేనా, పక్కనున్న కస్టమర్ నంబరా అన్నది చూడండి. కస్టమర్ నంబరు అయితే ఏ ఖాతాకి ఎక్కించారో రసీదుని బట్టి చెప్పలేం.

తర్వాత పేర్లు. మన దగ్గర ఇంటిపేరు ముందు, దాన్ని ఒక అక్షరానికి కుదించి రాసే అలవాటు ఉంది కదా. నాన్నగారు ఫారం మీద 'జి. లక్ష్మి' అని రాస్తారు, చెల్లి ఆధార్‌లో 'గేదెల లక్ష్మీకుమారి' అని ఉంటుంది, పెళ్ళయ్యాక పాన్‌లో అత్తవారి ఇంటిపేరు చేరుతుంది. ఇప్పుడు ఇవేమీ అడ్డురావు. రేపు క్లెయిముకి వచ్చినప్పుడు మాత్రం ఈవిడా ఆవిడా ఒకరేనని రుజువు తెమ్మంటారు. కాబట్టి ప్రస్తుతం చేతిలో ఉన్న ఆధార్‌లో ఎలా ఉందో అలాగే ఎక్కిందా అని చూడండి. పుట్టిన తేదీ కూడా చూడండి. మీరు చిన్నప్పుడు ఏదో ఒక ఎఫ్‌డీకి నామినీగా ఉండి ఉంటే అందులో మీ పక్కన మీ బదులు డబ్బు తీసుకోవాల్సిన పెద్దవారి పేరు ఇంకా ఉండొచ్చు. నామినీకి ముప్పై ఏళ్ళు వచ్చినా ఆ గడిలో పెదనాన్న పేరు అలాగే ఉండిపోయిన ఖాతాలు నేను చాలానే చూశాను.

ఇంక ఖాతాలో ఏముందో చూసే పని. ఇక్కడ ఒక మాట: ఈ వివరాలు బ్యాంకు మీకు చెప్పదు, నాన్నగారికే చెబుతుంది. ఆయన బతికుండగా నామినీకి ఖాతా మీద ఏ హక్కూ లేదు. కాబట్టి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళండి, లేదా ఆయన ఫోన్‌లో బ్యాంకు యాప్ ఆయనే తెరవాలి. యాప్‌లో ఒక్కో ఖాతా వివరాల్లోకి వెళితే నామినీ అన్న వరస కనిపిస్తుంది. కొన్ని యాప్‌లు 'నామినీ ఉన్నారు' అని చెప్పి ఊరుకుంటాయి, పేరు చూపవు. అలాంటప్పుడు అది పాత పేరో కొత్త పేరో తెలియదు. అమ్మగారి పేరు ఉన్నా అది 'ఉన్నారు' అనే అంటుంది. అందుకే పాస్‌బుక్ మొదటి పేజీ మళ్ళీ ప్రింటు వేయించమని అడగండి. అందులో నామినేషన్ నమోదైనట్టు, నామినీ పేరుతో సహా రావాలి. పాత పాస్‌బుక్‌లో ఉన్న ముద్ర లెక్కలోకి తీసుకోవద్దు, అది ఎన్నేళ్ళ కిందటిదో.

ఇప్పుడు 'చెరి సగం' అన్న దగ్గర కొంచెం ఆగాలి, అసలు తేడా ఇక్కడే వస్తుంది. కొత్త నిబంధనల్లో ఒక డిపాజిట్‌కి నలుగురు దాకా నామినీలు ఉండొచ్చు. అది రెండు రకాలుగా పెట్టొచ్చు. ఒకటి, అందరికీ ఒకేసారి, ఎవరి శాతం వారికి. శాతాలన్నీ కలిపి నూరు కావాలి. రెండోది వరస క్రమం. మొదటివారు ఉంటే అంతా వారికే అందుతుంది, వారు లేకపోతేనే రెండోవారి వంతు. మీరు కోరుకున్నది మొదటి రకం. కానీ క్లర్కు రెండో రకంలో ఎక్కిస్తే తెర మీద మీ ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి, మీకు సంతోషంగానే ఉంటుంది. చెల్లి పేరు పక్కన 50 అన్న అంకె లేదు, 2 అన్న అంకె ఉంది అనేది మాత్రం దగ్గరగా చూస్తేగాని తెలియదు. శాతం గడిలో రెండు పేర్లకూ 50, 50 ఉన్నాయా అని అడిగి చూపించుకోండి. అమ్మగారి పేరు పూర్తిగా తీసేశారా అన్నది కూడా అక్కడే తేలుతుంది. ఇప్పుడు నాలుగు గడులు ఉన్నాయి కాబట్టి పాత పేరు ఒకటో గడిలో వదిలేసి కొత్తవి కింద చేర్చే ప్రమాదం ఉంది.

లాకరుకి వచ్చేసరికి శాతాల పద్ధతే లేదు. లాకరుకీ, బ్యాంకులో భద్రపరచమని ఇచ్చిన వస్తువులకీ చట్టం వరస క్రమాన్నే ఒప్పుకుంటుంది. నగలని తెర మీద సగానికి కోయలేరు కదా. కాబట్టి లాకరు కోసం ఇచ్చిన రసీదు మీద ఎవరైనా '50-50' అని రాసి ఉంటే ఆ నమోదు ఎక్కడో తప్పిందన్నమాట. అక్కడ ఒకరే మొదటి నామినీ. నాన్నగారు మిమ్మల్ని ముందు, చెల్లిని తర్వాత పెడితే రేపు లాకరు తెరవటానికి బ్యాంకు మిమ్మల్నే పిలుస్తుంది. అంతమాత్రాన నగలు మీవైపోవు. నామినీ చేతికి అందుకునేవాడే గాని సొంతదారు కాడు, వారసుల వాటాలు వారసత్వ చట్టం ప్రకారమో, వీలునామా ప్రకారమో ఉంటాయి. కానీ ఇంట్లో ఈ తేడా అందరికీ తెలియదు. లాకరులో మీ పేరు మొదట ఉందన్న సంగతి ఇప్పుడే, నాన్నగారి ఎదుటే, చెల్లికి చెప్పేయండి. నా సలహా అడిగితే లాకరులో ఎక్కువగా ఉన్నవి అమ్మగారి నగలే అయితే చెల్లిని మొదట పెట్టమంటాను. అది మీ ఇంటి విషయం అనుకోండి.

లాకరు నామినేషన్‌కి ఫారం కూడా వేరు. పాత పద్ధతిలో డిపాజిట్లకి డీఏ వరస ఫారాలు, లాకరుకి ఎస్ఎల్ వరస ఫారాలు ఉండేవి. నాన్నగారు గత నెల ఒకే ఫారం మీద సంతకం పెట్టి ఉంటే లాకరు ముట్టుకోలేదని అప్పుడే తెలుస్తుంది. చాలా బ్రాంచీల్లో లాకరు వివరాలు ఖాతాల తెరలో కనిపించవు, వేరే చోట ఉంటాయి. కొన్ని చోట్ల ఇప్పటికీ లావుపాటి రిజిస్టరు తెరవాలి. అందుకే కౌంటర్లో కూర్చున్న అబ్బాయి 'అన్నీ మారిపోయాయండి' అన్నాడంటే అతని తెర మీద ఉన్నవి మారాయని అర్థం. లాకరు చూసే ఆఫీసరు దగ్గరికే వెళ్ళి, లాకరు నంబరు చెప్పి, ఒప్పందం కాగితాల ఫైలులో నామినేషన్ పేజీ చూపించమనండి. లాకరు కూడా అమ్మగారితో కలిపి తీసుకున్నదైతే ముందు ఆ పేరు తీయించాకే ఈ పని.

నాన్నగారు రెండు ఎఫ్‌డీలు అన్నారు. మూడోది ఉండే అవకాశం ఉంది. లాకరు ఇచ్చేటప్పుడు బ్యాంకులు మూడేళ్ళ అద్దె, అవసరమైతే తాళం పగలగొట్టే ఖర్చు కలిపి ఒక డిపాజిట్ తీసుకోవచ్చు. అది అద్దెకి హామీగా ఉంటుంది గనక జనం దాన్ని లాకరు ఖర్చు కింద జమకట్టి మరిచిపోతారు. అది మామూలు ఎఫ్‌డీయే, దానికీ నంబరు ఉంటుంది, దానికీ నామినీ ఉంటుంది.

ఈమధ్య బొబ్బిలి దగ్గర మా బంధువుల ఇంట్లో ఇలాంటి కాగితాలే ముందరేసుకుని కూర్చున్నాం. పొదుపు ఖాతాలో కొడుకు, కూతురు చెరి సగం, అంతా బాగుంది. నాలుగు లక్షల ఎఫ్‌డీలో మాత్రం చనిపోయిన భార్య పేరే ఉంది. అది గడువు తీరినప్పుడల్లా దానంతట అదే తిరిగి రెన్యువల్ అవుతూ వచ్చింది, పాత నామినేషన్ కూడా దానితోపాటే నడిచి వచ్చింది. లాకరులో కొడుకు మొదట, కూతురు రెండు. ఇక లాకరు డిపాజిట్ పద్నాలుగు వేల చిల్లర, అందులో నామినీ ఆ పెద్దాయన తమ్ముడు! లాకరు తీసుకున్ననాడు పక్కనున్నాయన ఆయనే. 'ఏటి మేష్టారూ, తమ్ముడికి రాసిచ్చేశారా' అని నవ్వుకున్నాం గాని, ఆ కాగితం ఎవరూ చూడకపోతే క్లెయిముకి ఆ తమ్ముడిని వెతుక్కుంటూ వెళ్ళాల్సి వచ్చేది.

మీ దగ్గర అమ్మగారితో కలిపి వేసిన ఎఫ్‌డీ ఉంది కదా, దాని కథ వేరు. అందులో అమ్మగారు ఖాతాదారు, నామినీ కాదు. అంటే అక్కడ నామినీగా మూడో మనిషి పేరు ఉండి ఉండాలి, లేదా ఖాళీగా ఉండాలి. ఉమ్మడి డిపాజిట్‌లో నామినీని మార్చాలంటే ఆ రోజుకి బతికున్న ఖాతాదారులందరూ సంతకం పెట్టాలి. ఇప్పుడు నాన్నగారు ఒక్కరే కాబట్టి ఆయన సంతకం చాలు. కానీ కంప్యూటర్లో ఇంకా ఇద్దరు ఖాతాదారులు కనిపిస్తుంటే, ఒక్క సంతకంతో వచ్చిన ఫారాన్ని ఆఫీసరు పక్కన పెట్టేస్తాడు. అతని తప్పు కూడా కాదు. ముందు అమ్మగారి మరణ ధ్రువపత్రం ఇచ్చి ఆ డిపాజిట్ నుంచి పేరు తీయించండి, అది అయిందని చూసుకున్నాక నామినేషన్ ఫారం ఇవ్వండి. రెండూ ఒకేరోజు కలిపి ఇస్తే రెండోది ఆగిపోవడం తరచుగా జరుగుతుంది. డిపాజిట్ బాండు మళ్ళీ ప్రింటు వేయించుకుంటే దాని మీద ఖాతాదారుగా నాన్నగారు ఒక్కరే, నామినీలుగా మీరిద్దరూ రావాలి.

సంతకం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 67 ఏళ్ళ వయసులో చెయ్యి వణికి సంతకం మారిపోతుంది, ఫారాలు తిరిగి రావటానికి ఇదొక పెద్ద కారణం. సంతకం పెడితే సాక్షులు అక్కర్లేదు, వేలిముద్ర వేస్తే ఇద్దరు సాక్షులు కావాలి. సంతకం బాగా మారిపోయిందనిపిస్తే ముందు కొత్త నమూనా సంతకం ఇచ్చేయడం మేలు.

కార్డుల విషయం తొందరగా తేలిపోతుంది. ఏటీఎం కార్డుకి విడిగా నామినీ ఉండదు. అది ఏ ఖాతాకి తగిలించి ఉందో చూడండి, ఆ ఖాతా నామినేషనే మీకు కావాల్సింది. కొన్ని కార్డుల మీద ప్రమాద బీమా ఉంటుంది, ఫలానా రోజుల లోపల కార్డు వాడి ఉండాలన్న షరతుతో. అది కూడా ఖాతాలోని నామినీ వివరాల మీదే ఆధారపడుతుంది. కానీ పాస్‌బుక్‌లో ఏటా మే ఆఖరున 20 రూపాయలు కోత పడుతోందేమో చూడండి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన, 70 ఏళ్ళ దాకా నడుస్తుంది, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. దానికి నామినీ పేరు చేరిన రోజు ఇచ్చిన అంగీకార పత్రంలో ఉంటుంది. పొదుపు ఖాతాలో పేరు మారిస్తే అది మారదు. మీ నాన్నగారి పత్రంలో అమ్మగారి పేరే ఉంటుందని నా అనుమానం.

క్రెడిట్ కార్డు అప్పు కాబట్టి దానికి ఈ నామినేషన్ వర్తించదు. అయినా ఒకటి చూడాలి. రిటైరైనవాళ్ళకి తరచుగా ఎఫ్‌డీని తాకట్టుగా పెట్టుకుని కార్డు ఇస్తారు. అలా ఉంటే ఆ ఎఫ్‌డీ వివరాల్లో లీన్ అని, తాకట్టు కింద ఆపి ఉంచిన ఒక మొత్తం కనిపిస్తుంది. ఉదాహరణకి నాలుగు లక్షల ఎఫ్‌డీ మీద కార్డు ఉంది, బాకీ 35 వేలు ఉందనుకోండి. బ్యాంకు ముందు ఆ 35 వేలు మినహాయించుకుంటుంది, మిగిలిన 3,65,000 మీ ఇద్దరికీ చెరి సగం, అంటే 1,82,500 చొప్పున, దానిపై వడ్డీ కలిపి వస్తుంది. నామినేషన్ సరిగ్గా ఉన్నా చేతికొచ్చేది ఇంత తగ్గుతుందని ముందే తెలిస్తే అప్పుడు గొడవ ఉండదు. కార్డు వాడట్లేదంటే మూసేసి లీన్ ఎత్తేయించడం ఇంకా మంచిది.

సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఖాతా కూడా అదే బ్రాంచిలో ఉంటే దాన్ని వీటితో కలపొద్దు. అది ప్రభుత్వ చిన్న పొదుపు నిబంధనల కింద నడుస్తుంది, నామినీ మార్పు ఫారం వేరు.

బ్రాంచిలో నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది. నాన్నగారి చేత ఇలా రాయించి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి:

'నా కస్టమర్ నంబరు కింద ఉన్న అన్ని ఖాతాల జాబితా, అంటే పొదుపు ఖాతా, అన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్లు, లాకరు అద్దె హామీగా తీసుకున్న డిపాజిట్, లాకరు, వీటిలో ఒక్కోదానికి ఇప్పుడు నమోదై ఉన్న నామినీల పేర్లు, శాతం లేదా వరస, నమోదైన తేదీ, డిపాజిట్ల మీద లీన్ ఉంటే ఆ మొత్తం, రాతపూర్వకంగా ఇవ్వగలరు. ఫలానా తేదీన నేను ఇచ్చిన నామినేషన్ ఫారం రసీదు నకలు జతపరిచాను.'

ఆ జవాబు వచ్చాక రసీదు పక్కన పెట్టుకుని ఒక్కో నంబరూ కలపండి. నమోదైన తేదీ రసీదు తేదీకన్నా ముందుది అయితే, మీ ఫారం ఆ ఖాతాకి ఎక్కలేదని అర్థం, అక్కడున్నది పాతదే. ఈ ఒక్క తేదీ చూసుకుంటే చాలా వరకు బయటపడుతుంది.

సిబ్బంది పట్టించుకోకపోతే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చు ఉండదు. అక్కడ ముద్ర వేసిన ఆ రెండో కాపీయే అడుగుతారు. నిజానికి మన ఊళ్ళలో మేనేజరు గదిలో కూర్చుని ఆ కాగితం బల్ల మీద పెడితే అక్కడికే తొంభై పాళ్ళు పని అయిపోతుంది.

ఇవన్నీ సరయ్యాక నాన్నగారు యాప్‌లో కొత్తగా ఎఫ్‌డీ వేస్తే నామినీ గడి దగ్గర ఆగి చూడమని చెప్పండి. కొన్ని యాప్‌లు పొదుపు ఖాతాలో ఉన్న పేర్లు తెచ్చి చూపిస్తాయి, కొన్ని ఖాళీగా వదిలి ముందుకు పోనిస్తాయి. ఖాళీగా పోతే ఆ డిపాజిట్ కోసం మళ్ళీ ఫారం, మళ్ళీ రసీదు.